బాత్రూమ్ టైల్స్ మార్చాలంటే ఎంతవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల పాత బాత్రూమ్‌కి కొత్త టైల్స్ వేయించాలనుకునేవాళ్లు చాలామంది ఒకే లెక్కతో బయలుదేరతారు. అడుగు ఇంత, మనకి ఇన్ని అడుగులు, కాబట్టి ఇంత. తీరా పని పూర్తయ్యేసరికి టైల్స్‌కి పెట్టినదానికి ఏడు రెట్లు ఖర్చవుతుంది. అవే అనుమానాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని ఈ జవాబులు ఒకచోట పెట్టాం. లెక్కలన్నీ ఒకే బాత్రూమ్ మీద చూపించాం: పొడవు 7 అడుగులు, వెడల్పు 5 అడుగులు, గోడ టైల్ ఎత్తు 7 అడుగులు, తలుపు రెండున్నర అడుగులు, కింది అంతస్తు. రేట్లు లెక్క చూపించడానికి పెట్టుకున్నవే. వాటి చోట మీ ఊరి రేట్లు పెట్టుకోండి.

## కొలతలు

మా బాత్రూమ్ ఏడు బై ఐదు. మొత్తం ఎన్ని అడుగులు వస్తుంది?

నేల 7 × 5, అంటే 35 చదరపు అడుగులు. గోడలకి ముందు చుట్టుకొలత తీయండి: 7 + 5 + 7 + 5 = 24 అడుగులు. అందులో తలుపు వెడల్పు రెండున్నర అడుగులు తీసేస్తే 21.5. దాన్ని ఎత్తు 7తో గుణిస్తే 150.5 చదరపు అడుగులు. గోడలు, నేల కలిపి 185.5.

వెంటిలేటర్ ఏడడుగుల పైన ఉంటే లెక్కలోకి రాదు. కిందకి దిగి ఉన్నా దాన్ని తీసేయకండి. దాని చుట్టూ కోసిన ముక్కలు, లోపలి అంచులకి వేసే పట్టీలు కలిపి ఆ ఖాళీకి పట్టేంత టైల్‌నీ తినేస్తాయి.

ఇల్లు కట్టినప్పటి ప్లాను కాగితం ఉంది. మళ్లీ కొలవాలా?

కొలవాలి. ప్లానులో రాసిన 7 అడుగులు ఇటుక గోడ నుంచి ఇటుక గోడకో, ప్లాస్టరింగ్ అయ్యాకో ఎవరికీ గుర్తుండదు. ప్రతి గోడనీ కింద, నడుమ, పైన మూడుచోట్ల కొలిచి పెద్ద కొలత రాసుకోండి. తర్వాత నేల మీద ఒక మూల నుంచి ఎదురు మూలకి టేపు పట్టండి. 7 × 5 గదిలో అది 8 అడుగుల 7 అంగుళాలకి కాస్త పైన రావాలి, రెండో ఐమూల కూడా అంతే రావాలి. రెండింటికీ అర అంగుళం కంటే ఎక్కువ తేడా ఉంటే గది మూలమట్టంలో లేనట్టు. అలాంటి గదిలో గోడవారన పడే ముక్కలు ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా వస్తాయి. ప్రతి ముక్కనీ విడిగా కోయాలి కాబట్టి టైలూ పోతుంది, మేస్త్రీ పనిరోజు కూడా పోతుంది.

టైల్స్ ఏడడుగులు చాలా, స్లాబు దాకా వేయించాలా?

నీళ్లు పడే ఎత్తుకి ఏడడుగులు చాలు. స్లాబు 10 అడుగుల ఎత్తులో ఉంటే పై మూడడుగులకి ఇంకో 72 చదరపు అడుగులు పడతాయి, అంటే గోడ లెక్క దాదాపు సగం పెరుగుతుంది. చూడ్డానికి బాగుంటుందంటే వేయించుకోండి. గోడ చెమ్మ కనపడకుండా ఉంటుందని మాత్రం వేయించకండి. డెల్టాలో భూగర్భ జలం పైపైనే ఉంటుంది, పునాది నుంచి చెమ్మ ఎక్కిన గోడకి ఇటువైపు మూసేస్తే అది పడకగది వైపు తిరిగి అక్కడి రంగుని పెచ్చులూడదీస్తుంది.

## టైల్స్, వేస్టేజీ

వేస్టేజీ పది శాతం వేసుకుంటే సరిపోతుంది కదా?

ఒక్కోసారి సరిపోతుంది, ఒక్కోసారి ఒక టైల్ దగ్గర ఆగిపోతుంది. శాతం అనేది అంచనా మాత్రమే. అసలు లెక్క వరసలది.

150.5 చదరపు అడుగుల గోడకి ఒకటి బై రెండు అడుగుల టైల్ (300 × 600 మి.మీ.) అడ్డంగా వేస్తున్నారనుకోండి. షాపులో పది శాతం కలిపి 165.5 అంటారు, బాక్సుకి 10 అడుగులని చెప్పి 17 బాక్సులు రాస్తారు. బాక్సుకి 5 చొప్పున 85 టైల్స్.

ఇప్పుడు గోడ దగ్గర నిలబడి లెక్కేద్దాం. ఎత్తుకి 7 వరసలు. ఏడడుగుల గోడలో ఒక వరసకి మూడు నిండు టైల్స్, మిగతా అడుగు చిల్లరకి నాలుగో టైల్ కోయాలి. ఆ ముక్క సరిగ్గా సగం టైల్ కంటే కాస్త పెద్దది. కాబట్టి ఒక టైల్‌లోంచి అలాంటివి రెండు రావు, మిగిలిన పదిన్నర అంగుళాల ముక్క మరో వరస చివరికి పనికిరాదు. అంటే ఏడడుగుల గోడకి వరసకి 4, అలాంటి గోడలు రెండు కాబట్టి 8. ఎదురుగా ఉన్న ఐదడుగుల గోడకి రెండు నిండువి, ఒకటి కోసినది, మొత్తం 3. తలుపు గోడలో మిగిలేది రెండున్నర అడుగులు. దానికి ఒక నిండు టైల్, పక్కన ఆరేడు అంగుళాల ముక్క. ఆ ముక్క మాత్రం ఇందాక మిగిలిన వాటిలోంచి వచ్చేస్తుంది. అలా వరసకి 8 + 3 + 1 = 12, ఏడు వరసలకి 84.

షాపు లెక్కలో వచ్చినవి 85. అంటే పని మొత్తంలో ఒకే ఒక్క టైల్ పగలొచ్చు. అందుకే ఇక్కడ 18 బాక్సులు, 90 టైల్స్ తీసుకోవడం సబబు. రెండు మూడు కోతలో పోతాయి, మిగిలినవి రేపు పైపు లీకై గోడ తవ్వాల్సి వస్తే పనికొస్తాయి.

ఇంకో చిన్న సంగతి. మేస్త్రీ ముందు పొడవు గోడలు పూర్తి చేసి తర్వాత ఐదడుగుల గోడకి వస్తే, రెండువైపులా టైల్ మందం కలిసి ఆ గోడ ఒక అంగుళం తగ్గుతుంది. అప్పుడు చివరి ముక్క సగం టైల్‌లో సరిపోయి మూడు టైల్స్ మిగలొచ్చు. అలా మిగిలితే సంతోషం, కొనేటప్పుడు మాత్రం దాన్ని నమ్ముకోకండి.

బాక్సులో పది అడుగులు అన్నారు. ఇంటికొచ్చి కొలిస్తే తక్కువుంది, మోసమా?

మోసం కాదు, వాడుక. ఒకటి బై రెండు అని పిలిచే టైల్ నిజంగా 300 × 600 మి.మీ. అడుగంటే 305 మి.మీ. కాబట్టి ఒక్కో టైల్ 2 చదరపు అడుగులకి బదులు 1.94 వస్తుంది. ఐదు టైల్స్ బాక్సు 9.69. పద్దెనిమిది బాక్సులకి చూస్తే ఐదారు అడుగుల తేడా, అంటే దాదాపు మూడు టైల్స్.

అందుకే బాక్సుకి ఎన్ని అడుగులని కాకుండా ఎన్ని టైల్స్ అని అడగండి. ఒకే సైజుకి ఒక కంపెనీ 5 పెడితే ఇంకోటి 6 పెడుతుంది. ధర కూడా బాక్సుకి అడిగి టైల్స్ సంఖ్యతో భాగించి పోల్చుకోండి. చెప్పిన రేటులో 18 శాతం జీఎస్టీ కలిసిందో లేదో అప్పుడే తేల్చుకోవాలి, బిల్లు దగ్గర కాదు.

నేలకి ఎన్ని పడతాయి? అక్కడా అంతే వేస్టేజీనా?

7 × 5 నేలకి అడుగు బై అడుగు (300 × 300) గరుకు టైల్ వేస్తే 35 పడతాయి. 300 మి.మీ. టైల్స్ ఏడు పరిస్తే ఏడడుగులకి ఒక అంగుళం పైన తగ్గాలి కదా అనిపిస్తుంది. కానీ గోడ టైల్స్ అతికాక రెండువైపులా అర అంగుళం చొప్పున గది తగ్గి, దాదాపు సరిపోతుంది. నేల మీది నీళ్లు దిగే నానీ ట్రాప్ చుట్టూ, కమోడ్ పైపు చుట్టూ కోతలకి మూడు నాలుగు పోతాయి. బాక్సుకి 10 చొప్పున నాలుగు బాక్సులు తీసుకుంటే చాలు.

నేలకి 2 × 2 అడుగుల టైల్ వేయాలనుకుంటే ఒకసారి ఆలోచించండి. బాత్రూమ్ నేల నాలుగు వైపుల నుంచి ట్రాప్ వైపు వాటంగా దిగాలి. చిన్న టైల్ ఆ వాటానికి ఒదుగుతుంది, పెద్దదాన్ని ఐమూలగా కోస్తే గానీ వంగదు.

హాల్లో వేసినట్టు రెండు బై నాలుగు పెద్ద టైల్స్ గోడలకి వేస్తే?

వేయొచ్చు, వరసల లెక్క మళ్లీ మొదటినుంచి వేసుకోండి. 2 అడుగుల వెడల్పు టైల్ అడ్డంగా వేస్తే మూడు వరసలకే ఆరడుగులు వస్తుంది, పై అడుగుకి ప్రతి టైల్ పొడవునా కోయాలి. అదే ఎత్తుని ఆరడుగులకో ఎనిమిదడుగులకో సర్దుకుంటే ఆ కోత మొత్తం పోతుంది. పైగా పెద్ద టైల్ కోతలో ఒకటి విరిగితే పోయేది 8 చదరపు అడుగులు. వీటిని సిమెంటు పాలతో గోడకి నిలబెట్టలేం కాబట్టి టైల్స్ అతికించే గమ్ము తప్పదు, ఎత్తడానికి ఇద్దరు మనుషులు ఉండాలి.

తక్కువపడితే రెండు టైల్స్ మళ్లీ తెచ్చుకోవచ్చు కదా?

తెచ్చుకోవచ్చు, రంగు కలవదు. మన షాపులకి వచ్చే టైల్స్‌లో ఎక్కువభాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి లోడ్లుగా దిగుతాయి. ఒకే డిజైన్ అయినా కాల్చిన విడతని బట్టి రంగులో, సైజులో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. బాక్సు మీద షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు వేసి ఉంటాయి. దించుకునేటప్పుడే అన్ని బాక్సుల మీదా ఒకటే ఉందో లేదో చూడండి, ఒక బాక్సు అట్టని దాచుకోండి. విప్పని బాక్సు వెనక్కి తీసుకుంటారో లేదో, ఎన్ని రోజుల్లోపో బిల్లు మీద రాయించుకుంటే ఒక బాక్సు ఎక్కువ తీసుకోవడానికి భయం ఉండదు.

## కూల్చే ముందు తేల్చుకోవాల్సినవి

పాత టైల్స్ పగలగొట్టకుండా వాటి మీదే అతికిస్తే ఎంత మిగులుతుంది?

7 × 5 బాత్రూమ్‌లో కూల్చే కూలి, రబ్బిష్ మోత, మళ్లీ ప్లాస్టరింగ్ కలిపి సుమారు 9,000 మిగులుతుంది. దానికి బదులు పాత పైపులు, పాత లీకులు అలాగే లోపల ఉండిపోతాయి. నేల అర అంగుళం పైకి లేస్తుంది, తలుపు కింద కోయాల్సి వస్తుంది, గడప దగ్గర నీళ్లు బయటికి రాకుండా ఆపే ఎత్తు తగ్గిపోతుంది.

కుదురుతుందో లేదో తేలిగ్గా తెలుసుకోవచ్చు. ఒక రూపాయి బిళ్లతో ప్రతి పాత టైల్‌నీ నాలుగు మూలలా, నడుమా కొట్టి చూడండి. అక్కడక్కడ ఒకటి రెండు డొల్లగా మోగితే వాటిని తీసి పూడ్చుకోవచ్చు. వరసగా మోగుతుంటే పాతవి గోడని వదిలేశాయని అర్థం, వాటికి అతికించిన కొత్తవి వాటితోపాటే ఊడతాయి. గోడకి తెల్లగా ఉప్పు పొంగుతున్నా, పక్కగదిలో చెమ్మ ఉన్నా ఈ పద్ధతి వద్దు.

రబ్బిష్ ఎంత వస్తుంది? ఎక్కడ పారేయాలి?

గోడ టైల్ దాని వెనక సిమెంటుతో కలిపి అంగుళం పైన మందం ఉంటుంది, నేల దగ్గర మూడు అంగుళాలు ఉంటుంది. 7 × 5 బాత్రూమ్‌కి బరువు లెక్కన టన్ను పైనే. ఖాళీ సిమెంటు సంచుల్లో మోయగలిగినంత, పాతిక కిలోల చొప్పున నింపితే యాభై సంచులు అవుతాయి. ట్రాలీ ఆటోకి రెండు ట్రిప్పులు, కిరాయికి 1,500 వేసుకోండి. పై అంతస్తు అయితే దింపడానికి ఇంకో మనిషి ఒకరోజు.

మన దగ్గర పల్లపు స్థలాలు మెరక చేసుకునేవాళ్లకి కొదవ లేదు. ముందే అడిగి పెట్టుకుంటే వాళ్లే వచ్చి ఎత్తుకెళ్తారు, కిరాయి మిగులుతుంది. పంట కాలవలోనో మురుగు కాలవలోనో మాత్రం వేయకండి.

వాటర్‌ప్రూఫింగ్ అని ఇంకో 3,000 అంటున్నారు. టైల్స్ వేశాక నీళ్లు ఎలా దిగుతాయి?

టైల్‌లోంచి దిగవు, రెండు టైల్స్ మధ్య సందులోంచి దిగుతాయి. సందులో నింపే గ్రౌట్ నీటిని పూర్తిగా ఆపదు. అందుకే టైల్ కింద ఒక పొర ఉండాలి. నేల మొత్తం, చుట్టూ గోడ మీదకి ఒక అడుగు, షవర్ కింద ఆరడుగుల ఎత్తు కలిపి సుమారు 90 చదరపు అడుగులు అవుతాయి. సిమెంటులో కలిపి పూసే రెండు డబ్బాల రకం 15 కిలోలు రెండు పూతలకి వస్తుంది. మొదటి పూత అడ్డంగా పూస్తే రెండోది నిలువుగా పూయాలి. నేల, గోడ కలిసే మూలలోనే పూత చీలుతుంది కాబట్టి అక్కడ ముందు సిమెంటుతో గుండ్రంగా మలిపించండి.

ఆరాక ట్రాప్ మూసి, రెండంగుళాల నీళ్లు కట్టి రెండు రోజులు ఉంచాలి. నీటిమట్టం దగ్గర గోడ మీద పెన్సిల్ గీత గీయండి. ఆవిరికి పోయే కాస్తని మించి తగ్గినా, పక్కగోడ తడిసినా మళ్లీ పూయాలి. ఆ రెండు రోజులు కూలి ఖర్చు లేదు, అయినా పని తొందరలో అందరూ ఎగ్గొట్టేది దీన్నే.

సిమెంటు పాలతో వేయించాలా, గమ్ముతోనా?

టైల్ రకాన్ని బట్టి. మామూలు సెరామిక్ గోడ టైల్ వెనకవైపు నీటిని బాగా పీలుస్తుంది. దాన్ని నానబెట్టి సిమెంటు పాలతో అతికిస్తే పట్టుకుంటుంది. విట్రిఫైడ్ టైల్ నీటిని దాదాపు పీల్చదు, సిమెంటుకి దాని వెనక పట్టు దొరకదు. ఏడాదో రెండేళ్లో ఆగి డొల్లగా మోగడం మొదలవుతుంది. దానికి గమ్ము తప్పదు.

గమ్ము 20 కిలోల సంచి మీద యాభై అరవై అడుగులు వస్తుందని ఉంటుంది. అది గోడ అద్దంలా చదునుగా ఉంటే. మన ప్లాస్టరింగ్ మీద నలభై అనుకుని కొనండి. 185 అడుగులకి 5 సంచులు. గమ్ముని పళ్లున్న కరణితో గోడంతా దువ్వినట్టు పూయాలి. టైల్ వెనక అయిదు ముద్దలు పెట్టి నొక్కేస్తుంటే ఆపించండి, ముద్దల మధ్య ఖాళీలో నీళ్లు చేరతాయి.

మా బోరు నీళ్లు ఉప్పు. పనికి వాడొచ్చా?

వద్దు. నరసాపురం, మొగల్తూరు, రాజోలు వైపు తీరానికి దగ్గరైనకొద్దీ బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆ నీళ్లతో కలిపిన సిమెంటు ఆరాక ఉప్పంతా సందుల్లోంచి తెల్లగా పైకి పొంగుతుంది, ఎంత కడిగినా మళ్లీ వస్తుంది. కలపడానికీ తడపడానికీ పంచాయతీ కుళాయి నీళ్లో మంచినీళ్ల చెరువు నీళ్లో వాడండి, ఈ పనికి కొన్ని డ్రమ్ములు చాలు. ఇసుక కూడా గోదావరిదే కావాలి, గవ్వముక్కలు కనిపించే ఇసుక వద్దు. ప్లాస్టరింగ్‌కి, నేల పరుపుకి కలిపి 5 బస్తాల సిమెంటు, 20 ఘనపుటడుగుల ఇసుక అంచనా వేసుకోండి.

## కూలి, రోజులు

ఎన్ని రోజులు బాత్రూమ్ మూసుకోవాలి?

ఒక్క బాత్రూమే అయినా మూడు వారాలు. మేస్త్రీ ఉండేది తొమ్మిది రోజులే, మిగతాది ఆరే కాలం. కూల్చడం 2 రోజులు, పైపులు 2 రోజులు, ప్లాస్టరింగ్, నేల పరుపు 2 రోజులు, తడుపుతూ ఆగడం 3 రోజులు. వాటర్‌ప్రూఫింగ్ పూత, ఆరడం, నీళ్లు కట్టి చూడడం కలిపి 5 రోజులు. గోడ టైల్స్ 4 రోజులు, నేల 1 రోజు, ఒకరోజు ఆగి గ్రౌట్ 1 రోజు, సామాను బిగింపు 1 రోజు. మొత్తం 22.

"వారంలో ఇచ్చేస్తాం" అన్న మేస్త్రీ ఏది తగ్గిస్తున్నాడో ఆ వరుసలో చూసుకోండి. టైల్స్ వేసే చేతివేగం ఎవరికైనా ఇంచుమించు ఒకటే. తగ్గేది తడపడం, నీళ్లు కట్టడం.

మొత్తం ఎన్ని కూలీలు పడతాయి?

7 × 5 బాత్రూమ్‌కి టైల్స్ మేస్త్రీ 9 రోజులు, చేతికింద మనిషి 13 రోజులు (కూల్చేటప్పుడు ఇద్దరు కావాలి), ప్లంబర్ మూడున్నర రోజులు, గీజరు పాయింటుకి ఎలక్ట్రీషియన్ ఒకరోజు. మేస్త్రీకి, ప్లంబర్‌కి 1,100, చేతికింద మనిషికి 750, ఎలక్ట్రీషియన్‌కి 1,000 చొప్పున వేస్తే 24,500.

గోడ టైల్స్ ఒక మేస్త్రీ, ఒక మనిషి కలిసి రోజుకి నలభై అడుగులు వేస్తే మంచి పని. హాల్లో రోజుకి వంద అడుగులు పరిచిన మనిషే బాత్రూమ్‌లో నలభై దగ్గర ఆగుతాడు, ఎందుకంటే ప్రతి వరస చివరా కోత, ప్రతి పైపు దగ్గరా చిల్లు.

మేస్త్రీ అడుగుకి 45 అన్నాడు. అంటే 8,350తో అయిపోయినట్టేనా?

కాదు. 185.5 అడుగులకి 45 చొప్పున వచ్చే ఆ 8,350 టైల్ అతికించడానికి మాత్రమే. కూల్చడం, రబ్బిష్ మోయడం, ప్లాస్టరింగ్, వాటర్‌ప్రూఫింగ్ సాధారణంగా అందులో ఉండవు. మూలల్లో 45 డిగ్రీలకి అంచు కోసి కలపడం, సబ్బు గూడు, గడప రాయి, ఎపాక్సీ గ్రౌట్ విడివిడిగా అడుగుతారు.

అసలు ఈ గదికి అడుగు లెక్క మేస్త్రీకీ గిట్టదు. ఆరు రోజుల టైల్స్ పనికి రోజు కూలి ప్రకారం 11,100 రావాలి. అందుకే 45కి ఒప్పుకున్నవాళ్లు నాలుగు రోజుల్లో ముగించాలని చూస్తారు. ఇలాంటి చిన్న గదికి మొత్తం పని గుత్తగా మాట్లాడుకుని, ఏవేవి అందులో ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోవడం ఇద్దరికీ మేలు.

ఏ నెలలో పెట్టుకుంటే మంచిది?

ఫిబ్రవరి, మార్చి. సంక్రాంతి ముందు ప్రతి ఇంట్లోనూ మరమ్మతులే కాబట్టి డిసెంబరులో మేస్త్రీలు దొరకరు, దొరికినా రోజు విడిచి రోజు వస్తారు. కోతల రోజుల్లో చేతికింద మనుషులు పొలాలకి పోతారు. వానాకాలంలో పూతలు ఆరడానికి రెట్టింపు సమయం తీసుకుంటాయి.

## సామాను, పైపులు

ముందు టైల్స్ కొనాలా, కమోడ్, షవర్ లాంటివి కొనాలా?

ముందు సామాను. కనీసం కమోడ్, షవర్‌కి నీళ్లు మళ్లించడానికి గోడలో దూరే డైవర్టర్ పైపుల పనికి ముందే ఇంట్లో ఉండాలి. కమోడ్ కింద పైపు మధ్య నుంచి గోడ దాకా ఉండాల్సిన దూరం మోడల్‌ని బట్టి 4, 9, 12 అంగుళాలు ఉంటుంది. ఆ దూరం టైల్ వేసిన గోడ నుంచి కొలవాలి. ప్లంబర్ ఇటుక గోడ నుంచి కొలిచి పైపు పెడితే ప్లాస్టరింగ్, టైల్ కలిపి అంగుళం పైన తగ్గి, తొట్టి గోడకి తగిలి కమోడ్ కూర్చోదు. అప్పుడు వేసిన నేల పగలగొట్టాలి.

డైవర్టర్ మీద ఇక్కడిదాకా టైల్ రావాలని గీతలుంటాయి. లోతుకి పోతే పై మూత అందదు, బయటికి వస్తే మూత గోడకి ఆనదు.

సామాను లిస్టులో ఏవి మర్చిపోతుంటారు?

కమోడ్, బేసిన్, షవర్ అందరూ రాస్తారు. వదిలేసేవి చిన్నవి. యాంగిల్ కాక్‌లు: గీజరుకి 2, బేసిన్‌కి 1, కమోడ్ తొట్టికీ హెల్త్ ఫాసెట్‌కీ కలిపి రెండు దారులది 1, మొత్తం 4. కనెక్షన్ పైపులు 4. బేసిన్ కింద వేస్ట్ కప్లింగ్, బాటిల్ ట్రాప్. నానీ ట్రాప్ జాలీ. గోడలో పైపు లోపలికి పోయిన చోట కుళాయి అందడానికి ఎక్స్‌టెన్షన్ నిపుల్స్ మూడు నాలుగు. ఒక్కొక్కటి చిన్న మొత్తమే, అన్నీ కలిపితే ఒక షవర్ ధర అవుతుంది.

పాత పైపులు బాగానే ఉన్నాయి. వదిలేయొచ్చా?

అవి జీఐ ఇనప పైపులైతే వదలకండి. పైకి బాగున్నా లోపల తుప్పుతో మూసుకుపోతుంటాయి, కొత్త టైల్స్ వేశాక కారితే పగిలేది ఆ టైల్సే. సీపీవీసీ పైపులు, ఇత్తడి మర ఉన్న ఎల్బోలు, నానీ ట్రాప్, మురుగు పైపు ముక్కలు కలిపి 4,500 వేసుకోండి. గోడ పూడ్చేముందు చివరలు మూసి, చేతి పంపుతో ఒత్తిడి ఎక్కించి ఒక పూట వదిలేయమనండి. పంపు మీది ఒత్తిడి చూపే ముల్లు దిగిందంటే ఏదో జాయింటు కారుతోంది.

మా నీళ్లకి కుళాయిలు రెండేళ్లకే పొక్కులు వస్తున్నాయి. స్టీల్‌వి తీసుకోవాలా?

ఉప్పు నీటికి స్టీల్ కూడా మచ్చలు పడుతుంది, చవకరకం ఇంకా త్వరగా పడుతుంది. కాస్త బరువున్న ఇత్తడి కుళాయి, మంచి క్రోమ్ పూతతో తీసుకోండి. ఒకే సైజు రెండు కుళాయిలు రెండు చేతుల్లో పట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. ప్లాస్టిక్ మీద పూత వేసినవి తుప్పు పట్టవు గానీ మర అరుగుతుంది. కుళాయి కంటే ముందు పోయేది స్టీల్ జాలీ అల్లిన కనెక్షన్ పైపు. గీజరు కింద అది తుప్పు తేలిందా అని ఏడాదికోసారి చూసుకోవాలి.

## మొత్తం లెక్క

అన్నీ కలిపి ఎంత తేలింది?

7 × 5 బాత్రూమ్, మధ్యరకం సామాను, పైపులతో సహా మారిస్తే:

| పద్దు | రూపాయలు |
|---|---|
| గోడ టైల్స్ 18 బాక్సులు (450 చొప్పున), నేల 4 బాక్సులు (480 చొప్పున) | 10,020 |
| సిమెంటు, ఇసుక, గమ్ము, గ్రౌట్ | 6,000 |
| వాటర్‌ప్రూఫింగ్ సామగ్రి | 3,000 |
| టైల్స్ రవాణా, రబ్బిష్, గడప రాయి, బ్లేడ్లు, చిల్లర | 3,900 |
| గోడలోపలి పైపులు | 4,500 |
| సామాను (కమోడ్, బేసిన్, షవర్, కుళాయిలు, చిన్నవన్నీ) | 23,500 |
| కూలి | 24,500 |
| మొత్తం | 75,420 |

సామాను కాకుండా మిగిలిన 51,920 మీద పది శాతం, అంటే 5,200, చేతిలో ఉంచుకోవాలి. కూల్చాక గోడలో ఏం బయటపడుతుందో ముందు తెలియదు. అలా 80,600 దగ్గర అనుకోండి.

ఇందులో ఎక్కడ తగ్గించొచ్చు?

టైల్ రేటు తగ్గించి పెద్దగా మిగిలేది లేదు. బాక్సుకి 50 తగ్గినా 22 బాక్సులకి 1,100. సామానులో మాత్రం అయిదారు వేలు సునాయాసంగా తగ్గుతుంది. గోడలోపలి డైవర్టర్ బదులు బయటే ఉండే వాల్ మిక్సర్ పెట్టుకోండి, రేపు చెడితే టైల్ ముట్టుకోకుండా మార్చుకోవచ్చు. పాత కమోడ్ పింగాణీ పగుళ్లు లేకుండా ఉంటే జాగ్రత్తగా తీయించి, తొట్టి లోపలి సామాను మార్చి మళ్లీ బిగించుకోవచ్చు. గోడలోపల ఉండిపోయేవాటి జోలికి, వాటర్‌ప్రూఫింగ్ జోలికి పోకండి.

మేస్త్రీకి చివరి డబ్బు ఇచ్చేముందు ఏం చూసుకోవాలి?

మూడు చూడండి, వాటిలో రెండు గ్రౌట్ వేయకముందే. నేల మీద ఒక బకెట్ నీళ్లు ఒంపితే కాసేపటికి అన్నీ ట్రాప్‌లోకి పోవాలి. ఏడడుగుల పొడవుకి అంగుళం వాటం ఉంటే పోతాయి. ఎక్కడైనా మడుగు కడితే ఆ రెండు మూడు టైల్స్ అప్పుడే లేపి మళ్లీ వేయించాలి. తర్వాత నాణెంతో గోడలన్నీ కొట్టుకుంటూ వెళ్లి, డొల్లగా మోగినవాటి మీద చాక్‌పీసు గుర్తు పెట్టండి. మూడోది సామాను బిగించాక. ప్రతి యాంగిల్ కాక్ కింద పొడి కాగితం పరిచి రాత్రంతా వదిలేయండి. తెల్లారి కాగితం మీద చుక్క మరక ఉంటే ప్లంబర్ లెక్క కూడా అప్పుడే తేల్చకండి.